యూనిట్ – 7: చెల్లించని బిల్లుకు డిమాండ్ లేఖ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• డిమాండ్ లేఖ రాయడానికి ముందు బాకీని, దాని ఆధారాలను ఎలా తేల్చుకోవాలో చెప్పగలుగుతారు.
• క్లయింటు చెప్పిన నిరాకరణ కారణానికి జవాబిస్తూ లేఖ రాయగలుగుతారు.
• లేఖ వల్ల చట్టపరంగా ఏం జరుగుతుందో, ఏం జరగదో వివరించగలుగుతారు.

7.1 పరిచయం

రావలసిన సొమ్ము ఎంత, అది ఎందుకు రావాలి, ఏ తేదీలోగా చెల్లించాలి, చెల్లించకపోతే తరవాతి చర్య ఏమిటి అనే నాలుగు విషయాలను రాతలో తెలియజేసే లేఖను డిమాండ్ లేఖ అంటారు. న్యాయవాది తన లెటర్‌హెడ్ మీద ఇదే విషయం రాసి పంపితే వాడుకలో లీగల్ నోటీసు అంటాం. ప్రభుత్వంపై దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రైవేటు వ్యక్తి లేదా సంస్థ నుంచి పనికి రావలసిన సొమ్ము కోసం దావా వేయడానికి అలాంటి నిబంధన లేదు. కాబట్టి ఈ లేఖను న్యాయవాదే రాయాలని లేదు. మీరే రాసి, మీ సంతకంతో పంపవచ్చు.

నోటీసు తప్పనిసరి కానప్పుడు లేఖ ఎందుకు? దీనికి ఇద్దరు పాఠకులుంటారు. మొదటివారు క్లయింటు. రెండోవారు రేపు ఈ వివాదం వెళ్తే దాన్ని చూసే లోక్ అదాలత్ సభ్యులో, న్యాయమూర్తో. వారికి మీరెవరో తెలియదు, పడ్డ శ్రమ తెలియదు. ఎదురుగా ఉన్న కాగితాలే తెలుసు. ప్రతి వాక్యం రాసేటప్పుడు ఆ రెండో పాఠకుణ్ణి గుర్తుపెట్టుకుంటే కోపంతో రాసే మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. ఈ యూనిట్ అంతటా ఈ సూత్రాన్నే ఒక ఉదాహరణకు అన్వయించి చూద్దాం.

7.2 ఉదాహరణ

ఇది పాఠం కోసం ఊహించిన ఉదాహరణ. హైదరాబాద్‌లో ఇంటి దగ్గర నుంచే పనిచేసే ఒక గ్రాఫిక్ డిజైనర్‌కు గుంటూరులోని ఒక పచ్చళ్ల తయారీదారు నుంచి పని వచ్చింది. ఒక లోగో, ఆరు సీసా లేబుళ్లు చేయాలి. 2024 జూన్ 3న ఆమె ఈమెయిల్‌లో కొటేషన్ పంపింది. మొత్తం 48,000 రూపాయలు, అడ్వాన్సు 12,000, రెండుసార్లు ఉచిత సవరణలు, మిగతా సొమ్ము బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో. క్లయింటు "ఓకే, మొదలుపెట్టండి" అని జవాబిచ్చి జూన్ 5న అడ్వాన్సు బ్యాంకు ద్వారా పంపాడు.

రెండు సవరణలు అయ్యాయి. జూన్ 26న క్లయింటు వాట్సాప్‌లో "అన్నీ బాగున్నాయి, ప్రింటర్‌కి పంపండి" అని రాశాడు. జూన్ 28న ఆమె అచ్చుకు సిద్ధమైన ఫైళ్లను క్లయింటుకూ ప్రింటర్‌కూ పంపింది. జూన్ 29న 36,000 రూపాయలకు బిల్లు ఇచ్చింది. గడువు జూలై 14. సొమ్ము రాలేదు. రెండుసార్లు గుర్తు చేశాక జూలై 22న క్లయింటు ఇలా రాశాడు: "మీ డిజైన్ వల్ల అమ్మకాలేమీ పెరగలేదు. మా బావగారికి కూడా నచ్చలేదు. పైగా గోంగూర లేబుల్‌లో బరువు తప్పు పడి మళ్లీ అచ్చు వేయించుకున్నాం. ఇక ఇచ్చేది లేదు." ఆ సందేశంతో పాటు రీప్రింటుకైన 2,400 రూపాయల బిల్లు ఫొటో కూడా పంపాడు. ఈలోగా అవే లేబుళ్లతో సీసాలు దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి.

ఆ 36,000 రూపాయలు డిజైనర్‌కు రెండు నెలల ఇంటి అద్దె. ఆమెకు ఆ రాత్రే ఘాటుగా ఒక జవాబు రాయాలనిపించడం సహజం. ఆమె అలా చేయలేదు. ముందు కాగితాలు తీసింది.

7.3 లేఖకు ముందు: బాకీ ఎంత, ఆధారం ఏమిటి?

మొదటి పని తేదీల వరస రాసుకోవడం. ప్రతి తేదీ పక్కన దాన్ని రుజువు చేసే కాగితం ఉండాలి. కొటేషన్, అంగీకారం ఈమెయిల్‌లో ఉన్నాయి. అడ్వాన్సు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది. ఆమోదం వాట్సాప్‌లో ఉంది. ఫైళ్లు అందినట్టు ఈమెయిల్ చెబుతుంది. లేబుళ్లు వాడకంలో ఉన్నాయనడానికి ఆమె దుకాణంలో ఒక సీసా కొని, తేదీ ఉన్న బిల్లుతో సహా దాచుకుంది. సంతకాలు చేసిన ఒప్పంద పత్రం లేకపోవడం ఇక్కడ పెద్ద లోపం కాదు. ఈమెయిల్‌లో ప్రతిపాదన, అంగీకారం స్పష్టంగా ఉంటే భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం ఒప్పందం ఏర్పడినట్టే. అదే చట్టంలోని 70వ సెక్షన్ కూడా ఇలాంటివారికి అండగా ఉంటుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని ప్రయోజనాన్ని మరొకరు అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది.

వాట్సాప్ సందేశాల విషయంలో ఒక జాగ్రత్త. స్క్రీన్‌షాట్ తీసి సంభాషణను చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అసలు సంభాషణ ఫోన్‌లో ఉంటే ఆ ధ్రువీకరణ తేలికవుతుంది.

రెండో పని బాకీని నిజాయితీగా తేల్చడం. క్లయింటు చెప్పిన మూడు కారణాలను విడివిడిగా చూడాలి. అమ్మకాలు పెరుగుతాయని కొటేషన్‌లో హామీ లేదు. బావగారి ఇష్టాయిష్టాలు ఒప్పందంలో భాగం కావు. పైగా జూన్ 26న క్లయింటే ఆమోదించాడు. మూడో కారణం వేరు. ఆమె పాత మెయిళ్లు చూస్తే గోంగూర పచ్చడి బరువు క్లయింటు ఇచ్చిన పట్టికలో 250 గ్రాములు, లేబుల్ మీద 200 గ్రాములు. పొరపాటు తనదే.

అచ్చుకు ముందు క్లయింటు కూడా చూసి సరేనన్నాడు కాబట్టి బాధ్యత తనది కాదని ఆమె వాదించవచ్చు. కానీ దానితో ఏం వస్తుంది? 2,400 రూపాయల కోసం వాదిస్తే, స్పష్టంగా ఉన్న బాకీ అంతా "లోపం ఉన్న పని" అనే వివాదంగా మారే ప్రమాదం ఉంది. ఆమె ఆ మొత్తాన్ని తగ్గించుకుంది. 36,000 నుంచి 2,400 తీసేస్తే 33,600. క్లయింటు వాదనలో నిజమున్న ఒక్క ముక్కనూ ఆమే ఒప్పుకొని లెక్కగట్టడంతో మిగతా రెండింటికీ బలం పోయింది. రెండో పాఠకుడికి కూడా ఈ లెక్క వేసిన మనిషి నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఇలాగే క్లయింటు మూలం వద్ద ఆదాయపు పన్ను మినహాయించి జమచేసి ఉంటే, ఆ మొత్తాన్ని కూడా బాకీలో చూపకూడదు. లేఖలో అంకె ఒకటే ఉండాలి. అది పైసాతో సహా నిలబడాలి.

7.4 లేఖ

ఇప్పుడు ఆమె రాసిన లేఖ చూడండి.

తేదీ: 1 ఆగస్టు 2024

విషయం: లోగో, లేబుళ్ల డిజైన్ పనికి రావలసిన రూ. 33,600 చెల్లింపు గురించి.

అయ్యా,

1. 3 జూన్ 2024న నేను పంపిన కొటేషన్‌ను మీరు అదే రోజు ఈమెయిల్ ద్వారా అంగీకరించి, 5 జూన్‌న రూ. 12,000 అడ్వాన్సు చెల్లించారు. ఒప్పుకొన్న మొత్తం రూ. 48,000.

2. 26 జూన్‌న మీరు డిజైన్లను ఆమోదించి అచ్చుకు పంపమన్నారు. 28 జూన్‌న ఫైళ్లన్నీ మీకూ మీ ప్రింటర్‌కూ అందజేశాను. ఆ లేబుళ్లతో మీ ఉత్పత్తులు ప్రస్తుతం అమ్మకంలో ఉన్నాయి.

3. 29 జూన్ నాటి బిల్లు ప్రకారం మిగిలిన రూ. 36,000 చెల్లించవలసిన గడువు 14 జూలైతో ముగిసింది.

4. 22 జూలైన మీరు చెప్పిన కారణాలను పరిశీలించాను. గోంగూర లేబుల్‌లో బరువు తప్పుగా పడిన మాట వాస్తవం. దాని రీప్రింటు ఖర్చు రూ. 2,400ను బిల్లు నుంచి తగ్గిస్తున్నాను. ఈ తగ్గింపు ఆ ఒక్క ఖర్చుకే పరిమితం. అమ్మకాల పెరుగుదల మన ఒప్పందంలో భాగం కాదు. డిజైన్లను మీరే రాతపూర్వకంగా ఆమోదించారు.

5. కాబట్టి రూ. 33,600ను 16 ఆగస్టు 2024లోగా బిల్లులో ఇచ్చిన బ్యాంకు ఖాతాకు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. చెల్లించని పక్షంలో ఈ మొత్తంపై వడ్డీల చట్టం, 1978 ప్రకారం ఈ లేఖ తేదీ నుంచి వడ్డీ కూడా కోరతాను.

6. ఆ తేదీలోగా సొమ్ము అందకపోతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించడంతో పాటు సివిల్ కోర్టులో వసూలు దావా వేస్తాను.

జతపరచినవి: కొటేషన్, అంగీకారం, ఆమోద సందేశం, ఫైళ్లు పంపిన ఈమెయిల్, బిల్లు, మీ 22 జూలై సందేశం.

ఇట్లు,
(సంతకం)

7.5 ఈ లేఖలో గమనించవలసినవి

లేఖ ఒక పేజీ దాటలేదు. ఒక్కో పేరా ఒక్కో విషయం చెబుతుంది, దానికి తగ్గ కాగితం వెనుక జతపరిచి ఉంది. పేరాలకు అంకెలు వేయడం వల్ల క్లయింటు జవాబిచ్చేటప్పుడు ఏ పేరాను కాదంటున్నాడో చెప్పక తప్పదు. 1, 2 పేరాలను అతను కాదనలేడు. వాటిని ఒప్పుకొంటే 3వ పేరా దానంతటదే నిలుస్తుంది.

గడువును "వీలైనంత త్వరగా" అని కాక ఒక తేదీగా చెప్పడం ముఖ్యం. పదిహేను రోజుల గడువు వాడుకలో ఉన్నదే. ఆ తేదీ దాటితే ఏం చేస్తారో కూడా చెప్పాలి. అయితే మీరు నిజంగా చేయగలిగిందే, చేయదలచుకొన్నదే రాయాలి. గడువు ముగిశాక మళ్లీ మరో "చివరి అవకాశం" లేఖ పంపితే మొదటి లేఖ విలువ పోతుంది.

ఇక వడ్డీ. ఇది అలంకారం కోసం రాసిన వాక్యం కాదు. బిల్లుపై వడ్డీ గురించి ముందుగా రాతలో ఏమీ అనుకోకపోతే, వడ్డీ కోరతానని తెలిపే రాతపూర్వక నోటీసులో చెప్పిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇవ్వవచ్చని వడ్డీల చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. అంటే లేఖలో ఆ వాక్యం లేకపోతే, లేఖకూ దావాకూ మధ్య కాలానికి వడ్డీ అడగడం కష్టమవుతుంది.

7.6 రాయకూడనివి

కోపంలో తరచు రాసే వాక్యాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది "చీటింగ్ కేసు పెడతాను" అనేది. ఒప్పుకొన్న సొమ్ము చెల్లించకపోవడం అంతమాత్రాన మోసం కాదు. మొదటి నుంచే మోసపూరిత ఉద్దేశం ఉన్నట్టు చూపితేనే అది నేరమవుతుంది. ఇక్కడ క్లయింటు అడ్వాన్సు ఇచ్చాడు, సవరణలు అడిగాడు, తరవాత మాట మార్చాడు. ఇది సివిల్ తగాదా. పోలీసుల పేరు చెప్పి సొమ్ము అడిగితే లేఖ మీకే ఎదురుతిరగవచ్చు.

రెండోది "మీ సంగతి అందరికీ చెబుతాను" అనేది. అది పరువు నష్టం దావాకు దారితీయగలదు. సొమ్ము రావడానికి మాత్రం ఉపయోగపడదు.

మూడోది కాపీరైటు. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం కాపీరైటు బదలాయింపు రాతపూర్వకంగా, బదలాయించేవారి సంతకంతో ఉండాలి. కాబట్టి సొమ్ము అందని డిజైన్లపై హక్కు తనదేనని డిజైనర్ అనుకోవడంలో అర్థముంది. అయితే అచ్చు వేయించుకోమని ఆమే ఫైళ్లు ఇచ్చింది. "పూర్తి సొమ్ము అందాకే వాడుకోవాలి" అని కొటేషన్‌లో లేదు. వాడుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే అని క్లయింటు వాదించగలడు. పైగా ఆధారం లేకుండా కాపీరైటు చర్యలు తీసుకుంటామని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారు దావా వేయడానికి అదే చట్టంలోని 60వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అందుకే ఈ లేఖలో ఆ ప్రస్తావన లేదు. మీ తరవాతి కొటేషన్‌లో మాత్రం ఆ షరతు ఒక్క వాక్యంగా చేర్చుకోండి.

7.7 లేఖ పంపడం, ఆ తరవాత

లేఖను బట్వాడా రుజువు దొరికే విధంగా తపాలాలో పంపాలి. అదే లేఖను సంతకం చేసిన స్కాన్ ప్రతిగా ఈమెయిల్‌లో కూడా పంపాలి. తపాలా రసీదు, బట్వాడా వివరం, కవరు తిరిగి వస్తే ఆ కవరు కూడా విప్పకుండా దాచాలి.

మన ఉదాహరణలో క్లయింటు ఆగస్టు 12న "20,000 ఇస్తాను, దానితో లెక్క ముగిసినట్టే" అని రాశాడు. ఇక్కడ తొందరపడితే నష్టం. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం బాకీదారు ఇచ్చిన తక్కువ మొత్తాన్ని పూర్తి చెల్లింపుగా మీరు స్వీకరిస్తే, మిగతా బాకీ రద్దవుతుంది. అందుకని సొమ్ము తీసుకునే ముందే ఆమె ఇలా రాసింది: "20,000 రూపాయలను మొత్తం బాకీలో ఒక భాగంగా మాత్రమే స్వీకరిస్తాను. మిగిలిన 13,600 సెప్టెంబరు 16లోగా చెల్లించండి. అంగీకారమైతే సంతకం చేసి పంపండి." క్లయింటు సంతకం చేసి పంపాడు, 20,000 చెల్లించాడు.

ఆ సంతకానికి మరో విలువ ఉంది. ఇలాంటి బాకీకి దావా వేయడానికి కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం గడువు మూడేళ్లు. డిమాండ్ లేఖ పంపితే ఈ గడువు మళ్లీ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మీరు ఎన్ని లేఖలు పంపినా గడువు నడుస్తూనే ఉంటుంది. గడువు ముగియకముందే బాకీదారు తన సంతకంతో బాకీని ఒప్పుకొంటే మాత్రం, ఆ ఒప్పుకోలు తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్కకు వస్తాయి. బాకీలో కొంత చెల్లించి, ఆ చెల్లింపును తన చేతిరాతతోనో సంతకంతోనో నమోదు చేసినా అంతే.

గడువు ముగిసినా క్లయింటు స్పందించకపోతే తరవాతి మెట్టు నేరుగా కోర్టే కానక్కరలేదు. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసి వివాదాన్ని లోక్ అదాలత్ ముందుకు తీసుకురావచ్చు. దీనికి కోర్టు ఫీజు లేదు. రెండు పక్షాలూ రాజీపడితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అయితే క్లయింటు రాజీకి రాకపోతే లోక్ అదాలత్ తీర్పు చెప్పలేదు. అప్పుడు దావా వేయాలి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 కల్పిస్తోంది. కాబట్టి మన డిజైనర్ న్యాయవాదిని కూడా ఆ సంస్థ ద్వారానే కోరవచ్చు.

7.8 ఉద్యం నమోదు ఉంటే వచ్చే తేడా

ఈ డిజైనర్‌కు పని చేసే నాటికి ఉద్యం నమోదు లేదు. ఉండి ఉంటే లేఖలోని 5వ పేరా చాలా బలంగా ఉండేది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ సంస్థగా నమోదైనవారికి, కొనుగోలుదారు ఒప్పందంలో రాసుకున్న తేదీలోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. సేవ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్టే భావిస్తారు. మన ఉదాహరణలో ఫైళ్లు అందింది జూన్ 28న, అభ్యంతరం వచ్చింది జూలై 22న. అంటే 24 రోజుల తరవాత.

ఆలస్యానికి వడ్డీ కూడా రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీగా లెక్కిస్తారు. లెక్క కోసం బ్యాంకు రేటు 6 శాతం అనుకుందాం. అప్పుడు వడ్డీ ఏడాదికి 18 శాతం, నెలకు 1.5 శాతం. రూ. 33,600పై మొదటి నెల వడ్డీ రూ. 504. రెండో నెల రూ. 34,104పై లెక్కించాలి కాబట్టి రూ. 511.56. వివాదాన్ని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు తీసుకువెళ్లే వీలు కూడా ఉంటుంది.

కానీ పని పూర్తయ్యాక నమోదు చేసుకుని పాత బిల్లుకు ఈ వడ్డీ అడగడం సరికాదు. నమోదుకు ముందు జరిగిన సరఫరాలకు ఈ ప్రయోజనం వర్తించదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నమోదు ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతుంది. కాబట్టి తరవాతి పని ఒప్పుకోకముందే అది పూర్తిచేసుకోవాలి.

7.9 సారాంశం

డిమాండ్ లేఖ బలం దాని భాషలోని ఘాటులో లేదు. ఒకే అంకె, ఒకే తేదీ, ప్రతి వాక్యం వెనుక ఒక కాగితం ఉండటంలో ఉంది. క్లయింటు మాటలో నిజమున్నంత మేరకు ఒప్పుకొని బాకీ తేల్చాలి. వడ్డీ కోరుతున్నట్టు రాయాలి. చేయలేని చర్యల బెదిరింపులు వద్దు. లేఖ కాలపరిమితిని పొడిగించదు. బాకీదారు సంతకంతో ఇచ్చిన ఒప్పుకోలు పొడిగిస్తుంది. తక్కువ మొత్తం తీసుకునేటప్పుడు అది పూర్తి చెల్లింపు కాదని ముందే రాతలో చెప్పాలి.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. డిజైనర్ తన బిల్లు నుంచి రూ. 2,400 ఎందుకు తగ్గించింది? తగ్గించకుండా వాదించి ఉంటే వచ్చే చిక్కు ఏమిటి?
2. లేఖలోని 5వ పేరాలో వడ్డీ వాక్యం లేకపోతే ఏ కాలానికి వడ్డీ అడగడం కష్టమవుతుంది?
3. క్లయింటు జూన్ 26న ఆమోద సందేశం పంపకుండా ఫోన్‌లో మాత్రమే సరే అన్నాడనుకోండి. అప్పుడు 2వ పేరాను ఏ ఆధారాలతో ఎలా రాస్తారు?
4. మీరు చేసిన లేదా చేయబోయే ఒక పనికి నాలుగు వాక్యాల్లో కొటేషన్ రాయండి. మొత్తం, గడువు, సవరణల సంఖ్య, డిజైన్ వాడుకునే షరతు అందులో ఉండాలి.